కుడిచేతి ఎర్ర బాణం

ఆ మెయిల్‌లో ఒక్క వాక్యమే నన్ను పట్టుకుంది. "రిఫరెన్స్ ఇచ్చిన వ్యక్తి అప్పలసూరి సిగ్నల్ తప్పుగా చూపించినట్టు నిర్ధారణ అయింది." నిర్ధారణ అట. ఎవరు నిర్ధారించారు, ఎక్కడ కూర్చుని, ఏం చూసి? క్రేను పనివాళ్ళకి శిక్షణ వీడియోలు తయారుచేసే హైదరాబాదు కంపెనీలో, ఏసీ గదిలో కూర్చున్నవాళ్ళు, ముప్ఫై నాలుగేళ్ళు క్రేన్ల కింద నిలబడ్డ మనిషికి బొటనవేలు ఎటు పెట్టాలో తెలియదని తేల్చేశారు.

నాగవంశీ ఆ మెయిల్ నాకు చూపించి కుర్చీలో వెనక్కి వాలాడు. మా స్టూడియో యజమాని అతనే. వయసు ముప్ఫై దాటలేదు. నన్ను బాబాయ్ అంటాడు. ఆటోనగర్‌లో లేత్ షాపు పైన రెండు గదులు, ఆరు కంప్యూటర్లు, మనిషి కదలికల్ని అంకెలుగా పట్టే ఒక మోషన్ క్యాప్చర్ సూటు, అదీ మా స్టూడియో. నేను పాతికేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా గీతలు గీసి, ఆ తరవాత ఈ త్రీడీ పనిలోకి వచ్చాను. బొమ్మల లోపల అస్థిపంజరాలు పెట్టడం, వాటిని కదిలించడం నా పని.

"అతను తప్పు చూపించలేదు. నేను పక్కనే ఉన్నాను," అన్నాను.

"నాకు తెలుసు బాబాయ్. కానీ వాళ్ళ వీడియోలో బొటనవేలు కిందకే ఉంది కదా."

ఉంది. నేనూ చూశాను. పసుపు హెల్మెట్ పెట్టుకున్న బొమ్మ మనిషి కుడిచెయ్యి పక్కకి చాచి, పిడికిలి బిగించి, బొటనవేలు నేలకి చూపిస్తున్నాడు. కింద తెలుగులో అక్షరాలు: 'బూమ్ పైకి'. క్రేనుకి ఉండే పొడుగాటి చెయ్యిని బూమ్ అంటారు. దాన్ని పైకి లేపమని కింద నుంచి ఆపరేటరుకి చెప్పాలంటే బొటనవేలు ఆకాశం చూడాలి, దించమనాలంటే నేల చూడాలి. కొత్తగా పనిలో చేరే ఖలాసీకి మొదటి రోజు నేర్పేది అదే.

ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళే దారిలో ఉన్న ఒక ప్రైవేటు క్రేన్ యార్డులో రెండు నెలల కిందట, అక్కడే పనిచేస్తూ కొత్తవాళ్ళకి సిగ్నళ్ళు నేర్పే అప్పలసూరికి సూటు తొడిగాం. మణికట్లకి, మోచేతులకి, భుజాలకి, నడుముకి చిన్న చిన్న సెన్సర్లు. ఆ యార్డులోకి ఫోన్లు రానివ్వరు. గేటు దగ్గర పెట్టెలో వేసి టోకెన్ ఇస్తారు. లాప్‌టాప్‌కి పర్మిషన్ రాయించుకుంటే, దాని కెమెరా మీద కూడా నల్ల టేపు అంటించారు. అందుకే ఆ రోజు వీడియో అన్నది లేదు. సూటు పంపిన అంకెలే ఉన్నాయి.

"నానిలా ఉంటే మా ఆడది గుర్తు పట్టదు బావా," అని ఆ నల్ల సూటులో నిలబడి నవ్వాడు అప్పలసూరి. "సేపల వలలో పడ్డట్టుంది."

అతను చేసిన ప్రతి సిగ్నల్‌నీ రెండు సార్లు చేయించాను, ఒకసారి కుడిచేత్తో, ఒకసారి ఎడమచేత్తో. హైదరాబాదువాళ్ళు కుడివే అడిగారు. ఎడమవి కూడా తీసుకుందామన్నది నా ముందుజాగ్రత్త. అప్పలసూరి విసుక్కోలేదు. "ఎడం సేత్తో ఎవుడూ సెయ్యడు గానీ, నీకోసం సేత్తన్నాను," అన్నాడు. మధ్యాహ్నం తన కేరేజీలో చేపల పులుసు సగం నా మూతలో పోశాడు. మా ఆవిడ పోయాక ఇంట్లో చేపలు వండటం మానేశాను. ఆ సంగతి నేను చెప్పలేదు, అతను అడగలేదు. ముల్లు తీసిన ముక్కలే ఏరి నా వైపు పెట్టాడు.

అలాంటి మనిషి పేరు ఒక మెయిల్‌లో పెట్టి, తప్పు అని రాసి, ఆ మెయిల్‌ని యార్డు మేనేజరు కృష్ణంరాజుకి కూడా పంపారు. ట్రయల్ వీడియో మూడు రోజులుగా ఆ యార్డు షెడ్డులో టీవీ మీద ఆడుతోంది. ముప్ఫై మంది కొత్తవాళ్ళు దాన్ని చూశారు. బయటి నుంచి వచ్చిన ఒక సేఫ్టీ ఆఫీసరు చూసి, "ఇదెవరు నేర్పారు?" అని అరిచాడు. హైదరాబాదువాళ్ళు అప్పలసూరి పేరు చెప్పారు. అప్పలసూరి ప్రతి సోమవారం చెప్పే సిగ్నళ్ళ క్లాసు కృష్ణంరాజు ఆపేశాడు. పిలిచి అడగలేదు. ఆ ముప్ఫై మంది ముందూ, "ఇక మీదట ఆయన చెప్పింది పట్టించుకోకండి" అన్నాడు.

అది నాకు అప్పలసూరే ఫోను చేసి చెప్పాడు.

"సలమయ్యగారూ," అన్నాడు. బావా అనలేదు. "నాను బూమ్ పైకి అనటానికి ఏలు కిందకి పెట్టినానా? మీరు సూసినారు గదా. ఎటు పెట్టినాను?"

"పైకే పెట్టావు."

"మరి ఆ బొమ్మకి నా సెయ్యి తగిలించి కిందకెవుడు తిప్పినాడు?"

"కనుక్కుంటాను," అన్నాను.

"కనుక్కోండి. నా కింద ఇప్పటిదాకా ఒక్కడికి గోరు సితకలేదు. ఇప్పుడు గేటుకాడ గుంటలు నన్ను సూసి నవ్వుతన్నారు, బొటనేలు కిందకి పెట్టి."

ఫోను పెట్టేశాక చాలాసేపు కోపం తగ్గలేదు. నాకు కోపం రావడం తక్కువ. వస్తే మౌస్ ముట్టుకోను. కింద లేత్ షాపులో ఇనప ముక్కని చెక్కుతున్న చప్పుడు పళ్ళలోకి దిగుతోంది. లేచి మంచినీళ్ళు తాగి, నా పాత ఫైలు తెరిచాను.

నా ఫైలులో కుడి బొటనవేలు పైకే ఉంది. స్పష్టంగా, ఆకాశం వైపు.

నాగవంశీని పిలిచి చూపించాను. వాడు సంతోషించాల్సింది పోయి తల గోక్కున్నాడు.

"ఇది చూపిస్తే, కంప్లెయింట్ వచ్చాక సరిచేసుకుని చూపిస్తున్నారంటారు బాబాయ్. వాళ్ళు పెద్దవాళ్ళు. ఇంకా నాలుగు మాడ్యూల్స్ మనకే ఇస్తామన్నారు. సరైన ఫైలు మళ్ళీ పంపేద్దాం. ఎవరి తప్పని ఎవరడుగుతారు?"

"అప్పలసూరి అడిగాడు."

"ఆయనకి నేను వెళ్ళి సారీ చెప్తాను."

"నువ్వు చెవిలో చెప్పే సారీ ఆ ముప్ఫై మందికి వినపడుతుందా?"

వాడు చెడ్డవాడు కాదు. భయస్థుడు. ఆరుగురి పని వాడి నెత్తి మీద ఉంది. కాసేపటికి వాడే హైదరాబాదుకి ఫోను చేసి, వాళ్ళ టెక్నికల్ లీడ్ ధనశ్రీతో వీడియో కాల్ ఏర్పాటు చేశాడు. పదకొండింటికి అన్నారు. కిందకి దిగి లేత్ షాపు జగ్గారావుని, ఒక గంట మిషను ఆపగలవా అని అడిగాను. "గంటేటండి, అన్నం తినీసొస్తాను," అని బేరింగుల పని వదిలేసి, ఆకలి వేళ కాకపోయినా, కేరేజీ పట్టుకుని వెళ్ళిపోయాడు.

ధనశ్రీ పాతికేళ్ళ పిల్లలా ఉంది. కళ్ళద్దాలు, చెవిలో ఇయర్‌ఫోన్లు. మాట మర్యాదగానే ఉంది, మర్యాదే నాకు ఇంకా మంట పుట్టించింది.

"సార్, మేం డేటా మార్చలేదండి. మీరు పంపిన రొటేషన్ విలువలే, ఏ కీలు ఎంత తిరిగిందన్న అంకెలే, మా బొమ్మ మీద ఎముక పేరుకి పేరు కలిపి ఎక్కించాం. కుడి ముంజేతి మెలిక ఎనభై ఆరు డిగ్రీలు. మీ ఫైలులో ఎంతుందో చూడండి."

చూశాను. ఎనభై ఆరే.

"అంకె ఒకటే కదండీ. అంటే మనిషి చేసిందే అది," అంది.

"నా తెర మీద అదే అంకెకి బొటనవేలు పైకి ఉందమ్మా. మీ తెర మీద కిందకి ఉంది. మనిషి ఒక్కడే, అంకె ఒక్కటే. మరి తప్పు మనిషిదెలా అయింది?"

"మీ వ్యూలో ఏదైనా తేడా ఉండొచ్చు. మా దగ్గర సేఫ్టీ టీం నిర్ధారించారు."

మళ్ళీ ఆ మాట. నా గొంతు పెరిగింది. "ఏం నిర్ధారించారు? బొమ్మని చూశారు. మనిషిని చూశారా? ఒక్కసారి ఫోను చేసి, అయ్యా మీరు వేలు ఎటు పెట్టారు అని అడిగారా? పేరు రాయడానికి తీరికుంది, అడగడానికి లేదా?"

నాగవంశీ నా మోకాలు నొక్కాడు. ధనశ్రీ తల వంచుకుంది.

నేను కోపం దించుకుని ఆలోచించాను. అంకె ఒకటే, ఫలితం వేరు. అలా జరిగేది ఒకే ఒక్క కారణానికి. అంకె దేని చుట్టూ తిరుగుతోందో ఆ ఇరుసు వేరు కావాలి.

"అమ్మా, ఒకటి చెప్పు. మా ఫైలు మొదటిసారి ఎక్కించినప్పుడు ఇంకేమైనా మెలికలు పడ్డాయా?"

"మోచేతులు పడ్డాయండి. ముందుకి మడవాల్సినవి పైకి మడిచాయి. భుజాలు కూడా. మేం చేత్తో కొన్ని డిగ్రీల ఆఫ్‌సెట్ కలిపి సరిచేశాం."

"ఆ సంగతి మాకెందుకు చెప్పలేదు?"

"క్యాప్చర్ క్వాలిటీ అలాగే ఉంటుందనుకున్నాం."

చూడండి ఈ అన్యాయం. మోచెయ్యి అసహ్యంగా వంగితే కంటికి కనపడింది కాబట్టి దిద్దుకున్నారు. బొటనవేలు కిందకి ఉంటే కంటికి అసహ్యంగా ఉండదు. అర్థం తెలిసినవాడికి మాత్రమే అది తప్పు. వాళ్ళకి అర్థం తెలియదు. తెలియనిదాన్ని వదిలేసి, తెలిసినవాడి మీదికి తోశారు.

"ఎడమచేతి టేకులు కూడా పంపాను. అదే సిగ్నల్. అవి ఎక్కించారా?"

"లేదండి. అవసరం రాలేదు."

"ఇప్పుడు ఎక్కించు."

ఆ అమ్మాయి ఎక్కించింది. తన తెర మాకూ కనిపిస్తోంది. పసుపు హెల్మెట్ బొమ్మ ఎడమచెయ్యి చాచింది. మోచెయ్యి మెలి తిరిగి వికారంగా ఉంది, కానీ పిడికిలి బిగిసింది, బొటనవేలు లేచింది. పైకి.

నాగవంశీ కుర్చీలో ముందుకి జరిగాడు.

"ఒకే మనిషి, ఒకే పూట," అన్నాను. "ఎడమచేత్తో తెలిసినది కుడిచేత్తో మరిచిపోయాడా?"

ధనశ్రీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. నేను అడక్కుండానే, అస్థిపంజరం మీద ఇరుసులు కనిపించేలా పెట్టింది. ప్రతి ఎముక మొదట్లో మూడు చిన్న బాణాలు మొలిచాయి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం. వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో ఎముక పొడుగునా వెళ్ళేది ఎర్ర బాణం.

"ఎడమ ముంజేతి ఎర్ర బాణం ఎటు చూస్తోంది?" అన్నాను.

"వేళ్ళ వైపు."

"కుడిది?"

ఆ అమ్మాయి బొమ్మని తిప్పి దగ్గరికి లాక్కుంది. "భుజం వైపండి." గొంతు తగ్గింది. "బొమ్మకి ఎముకలు పెట్టే మా రిగ్గర్ ఎడమచెయ్యి చేసి, దాన్ని అద్దంలో తిప్పినట్టు కుడివైపుకి మిర్రర్ చేశాడు. రెండు చేతులకీ ఒకే అంకె ఇస్తే జంటగా కదలాలని అలా చేస్తాం. అప్పుడు కుడివైపు ఎర్ర బాణం వెనక్కి చూస్తుంది."

నా తెర మీద నా అస్థిపంజరం ఇరుసులు చూపించాను. నా దాంట్లో కుడిచెయ్యి పొడుగు బాణం కూడా వేళ్ళ వైపే ఉంది. ఎందుకలా ఉందో అప్పుడు నాకు గుర్తొచ్చింది.

రెండు నెలల కిందట వాళ్ళ అస్థిపంజరాన్ని మా సాఫ్ట్‌వేర్‌లో తెరిచినప్పుడు, ఎముకలన్నీ ముళ్ళలా పక్కలకి పొడుచుకుని కనిపించాయి. మా దాంట్లో ఎముక పొడుగు ఎప్పుడూ ఆకుపచ్చ బాణం వెంటే, మొదలు నుంచి కొస వైపే ఉంటుంది. వాళ్ళది ఎరుపు. అందుకే ఆ ముళ్ళు. చూడ్డానికి బాగాలేదని, తెరిచేటప్పుడు ఒక గడిలో టిక్కు పెట్టాను, 'ఎముకల దిశ ఆటోమేటిక్' అని ఉంటుంది. అన్నీ చక్కగా కీలు నుంచి కీలుకి సర్దుకున్నాయి. ముచ్చటేసింది. తిరిగి పంపేటప్పుడు, పొడుగు బాణం ఎరుపుగా మార్చే ఆప్షన్ పెట్టాను. పని అయిపోయిందనుకున్నాను. కానీ ఆ ఆప్షన్ ఒళ్ళంతటికీ ఒకటే. కుడివైపు వాళ్ళు కావాలని వెనక్కి తిప్పిన బాణం సంగతి దానికి తెలియదు. నా టిక్కు ఆ సంగతినే తుడిచేసింది.

అంతేకాదు, ఎముక తన పొడుగు చుట్టూ తాను ఎంత తిరిగి ఉందో దాన్ని రోల్ అంటాం. ఆ టిక్కు రోల్‌ని కూడా తన లెక్కలో మళ్ళీ కట్టింది. పావు వంతు తేడా వచ్చింది. అందుకే మోచేతి మడత ముందుకి పోవాల్సింది పైకి పోయింది. రోల్ తప్పితే మడత పక్కదారి పడుతుంది. పొడుగు బాణమే తిరగబడితే మెలిక తిరగబడుతుంది. చేతులు చాచి కదలకుండా నిలబెడితే రెండు అస్థిపంజరాలూ ఒకలాగే ఉంటాయి, ఎవరికీ అనుమానం రాదు. కదిలించినప్పుడే బయటపడుతుంది.

"సార్," అంది ధనశ్రీ. "ఆటో ఓరియంటేషన్ పెట్టారా?"

"పెట్టాను."

"డెలివరీ నోట్‌లో రాయలేదు."

"రాయలేదు," అన్నాను. పొద్దుటి నుంచి ఎంత కోపంతో ఊగిపోయానో, ఆ కోపంలో సగం ఇప్పుడు నా వైపే తిరిగింది. అందంగా కనిపించాలని ఒక గడి నొక్కాను. అది నోట్‌లో ఒక్క లైను రాస్తే పోయేది.

ఆ అమ్మాయి నన్ను పొడవలేదు. "మోచేతులు మెలిపడ్డప్పుడే మేం మిమ్మల్ని అడగాల్సింది," అంది. "అంకెలు ఒక్కటే పోసేశాం. మీ అస్థిపంజరం నిలబడే తీరుకీ మా దానికీ తేడా లెక్క కట్టలేదు. చేత్తో దిద్దిన విషయం నేనూ ఎక్కడా రాయలేదు." తన తప్పు తన నోటితో చెప్పింది. ఆ వయసులో నాకు ఆ ధైర్యం లేదు.

"అయితే ఆ మెయిల్ వెనక్కి తీసుకుంటారా?"

"నేను మేనేజరుకి చెప్తానండి."

గంటలో మెయిల్ వచ్చింది. 'కుడిచేతి డేటా సమస్య గుర్తించబడింది. సరిచేసిన ఫైలు వచ్చాక కొత్త వెర్షన్ విడుదల అవుతుంది.' అంతే. తప్పు పట్టేటప్పుడు మనిషి పేరు, ఊరి పేరుతో సహా. తప్పు తమదని తేలినప్పుడు గుర్తించబడింది, విడుదల అవుతుంది. ఎవరు చేశారో తెలియని వాక్యాలు.

"ఇది చాలు బాబాయ్," అన్నాడు నాగవంశీ. "కృష్ణంరాజుగారికి ఫార్వర్డ్ చేసేస్తాను."

"చెయ్యి. సోమవారం పొద్దున్న నేను యార్డుకి వెళ్తున్నాను."

"వెళ్ళి ఏం చెప్తావ్?"

"జరిగింది."

"మన స్టూడియో పేరు..."

"నా పేరే చెప్తాను లేరా."

వాడు ముఖం చిట్లించుకున్నాడు. కానీ సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి మా ఇంటి ముందు బండి మీద వాడే ఉన్నాడు. "ఎక్కు బాబాయ్. ఆటోలో వెళ్తే లేటవుతుంది," అన్నాడు.

యార్డు గేటు దగ్గర అప్పలసూరి ఉన్నాడు. క్లాసు లేదన్నా రోజూ వచ్చే టైముకే వచ్చి, లోపలికి రానివ్వలేదు కాబట్టి, బయట సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాడట. హెల్మెట్ ఒళ్ళో ఉంది. వాచ్‌మన్ తన గొడుగు అతని వైపు వంచి కట్టాడు, ఎండ పడకుండా. నన్ను చూసి అప్పలసూరి లేవలేదు.

"కనుక్కున్నారేటి?"

"కనుక్కున్నాను. నా తప్పు అప్పలసూరీ."

అతను తలెత్తాడు. నేను ఎలా చెప్పాలా అని చూస్తే, గేటు కమ్మీకి ఒక బోల్టు కనిపించింది. దాన్ని పట్టుకుని చెప్పాను. "దీన్ని తల వైపు నుంచి చూసి కుడికి తిప్పితే, అవతల నట్టు వైపు నిలబడ్డవాడికి ఎటు తిరిగినట్టు కనిపిస్తుంది?"

"ఎడంకి. అది సిన్నపిల్లడికీ తెలుసు."

"వాళ్ళు కుడిచేతిని నట్టు వైపు నుంచి చూస్తారు. నేను దాన్ని తల వైపుకి మార్చి, మార్చానని చెప్పలేదు. వాళ్ళు అడగలేదు. నువ్వు తిప్పినంతే తిప్పారు, కానీ అటునుంచి తిప్పారు."

అప్పలసూరి బోల్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఒక్క ముక్క సెప్పలేదు. ఆ ఒక్క ముక్కకి నన్ను గేటు బైట కూసోబెట్టీసినారు."

"అవును."

"కోపమొత్తంది సలమయ్యగారూ. మీరు మంచోరని తెలిసినా వొత్తంది."

"రావాలి," అన్నాను. "లోపలికి రా. అందరి ముందూ చెప్తాను."

వాచ్‌మన్ గేటు తీసి మమ్మల్ని ముగ్గురినీ లోపలికి వదిలాడు. కృష్ణంరాజు షెడ్డు ముందే ఎదురొచ్చాడు. చేతిలో ఆ మెయిల్ కాగితం. "చూశానండి. టెక్నికల్ ప్రాబ్లం అట కదా. ఇవాళ నోటీసు బోర్డు మీద పెట్టించేస్తాను. మళ్ళీ క్లాసులో ఎందుకు, పిల్లలు కన్ఫ్యూజ్ అవుతారు."

"ఆయన చెప్పింది పట్టించుకోవద్దని మీరు బోర్డు మీద రాశారా, నోటితో చెప్పారా?"

కృష్ణంరాజు కాగితం మడిచాడు.

"ముప్ఫై నాలుగేళ్ళుగా ఈ పనిలో ఉన్న మనిషండీ," అన్నాను. "బయటివాళ్ళు తెలియక అన్నారు. మీకు తెలుసు. తెలిసీ పిలిచి అడగలేదు."

"పైనుంచి కాగితం వస్తే నేనేం చెయ్యనండి?" అన్నాడు, కానీ పక్కకి తప్పుకున్నాడు.

షెడ్డులో ముప్ఫై మంది బెంచీల మీద ఉన్నారు. గోడ మీద టీవీలో ఆ పసుపు హెల్మెట్ బొమ్మ ఇంకా ఆడుతూనే ఉంది. పాత వీడియోనే. ఎవరూ ఆపలేదు! కుడిచెయ్యి చాచి, బొటనవేలు కిందకి, మళ్ళీ మళ్ళీ.

నేను వాళ్ళ ముందు నిలబడి చెప్పాను. నా పేరు చలమయ్య అని, ఆ బొమ్మ చేతి ఎముకలు కదిలించింది నేనని, ఈయన చేసిన సిగ్నల్ సరైనదని, దాన్ని ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి పంపడంలో ఇరుసులు తారుమారయ్యాయని, ఆ సంగతి రాయని తప్పు నాదని, చూడకుండా ఈయన పేరు రాసిన తప్పు హైదరాబాదువాళ్ళదని. మాటలు తడబడ్డాయి. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. నాగవంశీ నా పక్కకి వచ్చి నిలబడి, "మా స్టూడియో తప్పే," అన్నాడు. నేను ఆశించలేదు.

అప్పలసూరి ఆ మాటలు వింటున్నట్టు లేదు. ముందు బెంచీలో కూర్చున్న ఒకమ్మాయిని చూస్తున్నాడు. ఆమె పేరు హరిచందన, క్రేన్ ఆపరేటర్ ట్రైనింగుకి వచ్చిందట.

"లెగమ్మా. బూమ్ పైకి సూపించు."

ఆమె లేచి కుడిచెయ్యి చాచింది. పిడికిలి బిగించింది. బొటనవేలు కొంచెం పైకి లేచి, ఆగి, టీవీ వైపు చూసి, కిందకి తిరిగింది.

షెడ్డులో ఎవరూ నవ్వలేదు.

"సూసినారా?" అప్పలసూరి కృష్ణంరాజు వైపు తిరిగాడు. "నా పేరు పోతే పోయింది, మళ్ళీ తెచ్చుకుంటాను. ఈ పిల్ల సెయ్యి సూడండి. వారం తిరక్కుండానే సెయ్యి మర్సిపోనాది. నాలుగు టన్నులు ఏలాడతంటే, కిందోడు లెగమంటాడు, పైనున్నది దించీస్తది. అప్పుడెవుడి పేరు రాస్తారు కాయితంలో?"

పేరు గురించి మాట్లాడటానికి నేనంత దూరం వచ్చాను. ఈ చేతుల సంగతి నాకు తట్టలేదు.

"సరైన వీడియో బుధవారానికల్లా ఇస్తాను," అన్నాను. "ఈసారి వాళ్ళ ఎముకల్ని ముట్టుకోను. ఎర్ర బాణాలు ఎలా ఉంటే అలాగే ఉంచి, కనిపించే చెయ్యి కనిపించినట్టే వాటి మీదకి ఎక్కిస్తాను."

"ఎక్కించండి. అయితే అది నాకు సూపించాక ఆడాలి. ఏలు ఏలూ సూత్తాను."

"అలా ప్రొసీజర్‌లో లేదయ్యా అప్పలసూరీ," అన్నాడు కృష్ణంరాజు నెమ్మదిగా. "హైదరాబాదువాళ్ళు అప్రూవ్ చేస్తే చాలు."

అప్పలసూరి టీవీ దగ్గరికి నడిచి, స్విచ్చు నొక్కలేదు, ప్లగ్గు పీకాడు. బొమ్మ మాయమైంది. టీవీ వెనక నుంచి కూడా వైరు ఊడదీశాడు. దాన్ని మోచేతికీ అరచేతికీ మధ్య చుట్టలు చుట్టుకుంటూ వచ్చి, హెల్మెట్‌లో పెట్టుకుని, హెల్మెట్ చంకలో పెట్టుకున్నాడు.

"నాను సూసినాక ఇత్తాను," అన్నాడు. తరవాత బెంచీల వైపు తిరిగాడు. "అందరూ లెగండి. బైటికి రండి, ఎండలోకి. కుడిసేతులు సాపండి."

ముప్ఫై మందీ లేచారు. కృష్ణంరాజు తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ దారి ఇచ్చాడు.